అమెరికా కప్పు, తెలుగు తూకం

బాగా మగ్గిపోయిన అరటిపండ్లతో అమెరికా ఇళ్లలో చేసుకునే బనానా బ్రెడ్‌కు పేరు బ్రెడ్డే గానీ, తీరు మాత్రం కేకుది. ఈస్ట్ వేయరు, పిండి పులియబెట్టరు. కలిపి, పోసి, కాలిస్తే అయిపోతుంది. అక్కడి వంట పుస్తకాల్లో దాని పదార్థాల పట్టీ ఇంచుమించు ఇలా ఉంటుంది: ఆల్ పర్పస్ ఫ్లోర్ ఒకటి ముప్పావు కప్పు, బేకింగ్ సోడా ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను, ఉప్పు లేని వెన్న ఒక స్టిక్, అదిమి కొలిచిన బ్రౌన్ షుగర్ ముప్పావు కప్పు, లార్జ్ గుడ్లు రెండు, పండిన అరటిపండ్లు మూడు, అంటే మెదిపిన గుజ్జు ఒకటిన్నర కప్పు, బటర్‌మిల్క్ పావు కప్పు, వెనిల్లా ఒక టీస్పూను, తరిగిన వాల్‌నట్లు అర కప్పు. తొమ్మిది అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు ఉన్న లోఫ్ పాన్‌లో పోసి, 350 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 55 నుంచి 60 నిమిషాలు కాల్చాలి.

దీన్ని తెలుగులోకి తెస్తూ కప్పులను గ్రాములుగా మార్చాలంటే, మాటల పని ఒకటి, లెక్కల పని ఇంకొకటి అని చాలామంది విడదీసుకుంటారు. ముందు మాటలు మార్చేసి, తర్వాత ఏదో ఒక పట్టిక చూసి అంకెలు మార్చేస్తారు. తప్పులన్నీ అక్కడే పుడతాయి. పై పట్టీలో ‘అదిమి’, ‘తరిగిన’, ‘మెదిపిన’, ‘లార్జ్’ అన్న మాటలు వర్ణన కోసం పెట్టినవి కావు. పదార్థం ఎంత బరువుండాలో చెప్పేది అవే. ఆ మాట అర్థం కాకుండా అంకె మారదు. మాట తప్పితే అంకె కూడా తప్పుతుంది.

అసలు ఏ వంటకానికి ఈ మార్పిడి కావాలో ముందు తేల్చుకోవాలి. కప్పు రవ్వకు మూడు కప్పుల నీళ్లు పోసి ఉప్మా చేసేవారికి ఆ కప్పు ఎంత పడుతుందో తెలియాల్సిన పని లేదు. స్టీలు గ్లాసుతో కొలిచినా, కాఫీ కప్పుతో కొలిచినా రెండింటినీ ఒకే దానితో కొలిస్తే చాలు, ఉప్మా కుదురుతుంది. అక్కడ కప్పు కొలత కాదు, పాలు. ఒక పాలు రవ్వ, మూడు పాళ్లు నీళ్లు. ఇలాంటి వంటకాన్ని గ్రాముల్లోకి మార్చడం వల్ల పాఠకుడికి ఒరిగేదేమీ లేదు. కప్పు కప్పుగానే ఉంచడం మంచిది.

బనానా బ్రెడ్ పరిస్థితి వేరు. అందులో రెండు గుడ్లు ఉన్నాయి, ఒక స్టిక్ వెన్న ఉంది, కొలత ముందే తెలిసిన పాన్ ఉంది. ఇవి కప్పును బట్టి పెరగవు, తరగవు. చిన్న కప్పుతో పిండి కొలిస్తే గుడ్లూ వెన్నా ఎక్కువైనట్టు, పెద్ద కప్పుతో కొలిస్తే తక్కువైనట్టు. గుడ్డు, ప్యాకెట్టు, డబ్బా, స్టిక్ లాంటి లెక్కపెట్టే వస్తువు పట్టీలో ఒక్కటి కనిపించినా, కప్పు అంటే సరిగ్గా ఎంతో తేల్చక తప్పదు.

ఆ కప్పు దేశానికి ఒక రకం. అమెరికా వంటింటి కప్పు 237 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. అక్కడి ఆహార ప్యాకెట్ల మీద పోషకాల లెక్కకు మాత్రం 240 అని తీసుకుంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాల్లో కప్పు అంటే 250 మిల్లీలీటర్లు. జపాన్‌లో 200. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్ల పాత జపాన్ బియ్యం కొలత నుంచి వచ్చింది. ఇంట్లో కొలత కప్పుల్లా కనిపించేవాటిలో అదే ఎక్కువగా చేతికి దొరుకుతుంది కాబట్టి, కేకు వంటకంలో దాన్ని వాడితే పదార్థాలన్నీ ముప్పావు వంతు మాత్రమే పడతాయి, గుడ్లు మాత్రం రెండూ పడతాయి.

మూలం ఏ దేశానిదో పుస్తకం మీద రాసి ఉండకపోయినా మాటలను బట్టి పట్టుకోవచ్చు. ఆల్ పర్పస్ ఫ్లోర్, స్టిక్ వెన్న, ఫారన్‌హీట్ కనిపిస్తే అది అమెరికాది. ప్లెయిన్ ఫ్లోర్, క్యాస్టర్ షుగర్, బైకార్బ్ సోడా అంటూ, వేడిని సెల్సియస్‌లో చెప్తూ, కొలత మాత్రం కప్పుల్లో ఇస్తే చాలావరకు ఆస్ట్రేలియాది. ఆస్ట్రేలియాదైతే ఇంకో జాగ్రత్త కూడా పడాలి. మిగతా దేశాల్లో టేబుల్ స్పూను 15 మిల్లీలీటర్లయితే అక్కడ 20. నాలుగు టేబుల్ స్పూన్ల కోకో అన్నచోట ఒక స్పూనుకు పైగా తేడా వచ్చేస్తుంది.

కప్పు ఎన్ని మిల్లీలీటర్లో తేలాక, అది ఎన్ని గ్రాములో తేల్చాలి. చాలా తెలుగు వంటకాల్లో పడే పెద్ద తప్పు ఇక్కడిదే. కప్పు 240 మిల్లీలీటర్లు కదా అని కప్పు మైదా 240 గ్రాములు అని రాసేస్తారు. మిల్లీలీటరు గ్రాముతో సమానమయ్యేది నీళ్ల విషయంలోనే. పాలు, మజ్జిగ కూడా ఇంచుమించు అంతే తూగుతాయి. కప్పు పంచదార 200 గ్రాములు తూగుతుంది, కప్పు వెన్న 227, కప్పు నూనె 218 దాకా, కప్పు తేనె ఏకంగా 340. కప్పు మైదా తేలిగ్గా నింపితే 120 మాత్రమే. మైదాను నీళ్లలా లెక్కగట్టినవాళ్లు పిండిని రెట్టింపు చేసినట్టే. బనానా బ్రెడ్‌లో 210 గ్రాములు పడాల్సిన చోట 420 పడుతుంది. అప్పుడది గరిటె జారుగా కాకుండా చపాతీ పిండిలా ముద్ద కడుతుంది.

మైదాతో ఇంకో చిక్కుంది. కప్పు మారకపోయినా, నింపే చెయ్యి మారితే బరువు మారిపోతుంది. తూకం యంత్రం దగ్గర పెట్టుకుని చూస్తే ఇది కళ్లకు కడుతుంది. డబ్బాలోని మైదాను ముందు చెంచాతో ఒకసారి కదిపి, చెంచాచెంచాగా కప్పులోకి రాల్చి, పైన నిలిచిన గుట్టను చాకు వీపుతో అంచు సమంగా గీసేస్తే తూకం 120 నుంచి 125 గ్రాముల మధ్య ఆగుతుంది. అదే కప్పును నేరుగా డబ్బాలో ముంచి తీసి గీస్తే 140 చూపిస్తుంది. ముంచి తీశాక సర్దుకోవడానికి బల్ల మీద రెండుసార్లు తట్టి, మళ్లీ నింపి గీస్తే 150 దాటుతుంది. మూడుసార్లూ కప్పు నిండుగానే ఉంది, మూడుసార్లూ అంచుకు సమంగానే ఉంది. అయినా మొదటి దానికీ చివరి దానికీ పావు వంతు తేడా. కేకు గట్టిగా, పొడిపొడిగా వచ్చిందని పొయ్యి మీద నెట్టేసే తప్పుల్లో చాలావాటికి కారణం ఈ పావు వంతే.

కప్పు నింపి అంచుకు సమంగా గీయాలన్న నియమాన్ని అమెరికా ఇళ్లలోకి తెచ్చినవారిలో ఫానీ ఫార్మర్ ముఖ్యులు. 1896లో వచ్చిన ఆమె బోస్టన్ కుకింగ్ స్కూల్ వంట పుస్తకం గుప్పెడు, చిటికెడు, కోడిగుడ్డంత వెన్న అనే పాత లెక్కల చోట సమంగా గీసిన కప్పును, చెంచాను నిలబెట్టింది. ఆ కాలానికి అది పెద్ద మేలు. అయితే సమంగా గీయడం పైభాగాన్ని మాత్రమే సరిచేస్తుంది, కప్పులో పిండి ఎంత గట్టిగా దిగిందో దానికి పట్టదు. తెలుగువారి సోల, తవ్వ, మానిక కూడా ఇలా ఘనపరిమాణాన్ని కొలిచేవే. బియ్యం, పప్పుల లాంటి గింజలు ఎలా పోసినా పెద్దగా కుదించుకుపోవు కాబట్టి మానికతో వాటికి చిక్కు రాలేదు. పిండికి వచ్చేసరికి ఆ భరోసా ఉండదు.

అందుకే అనువాదకుడు ఏ పట్టిక వాడుతున్నాడో ముందు చూసుకోవాలి. కప్పు మైదా ఒక పట్టికలో 120 గ్రాములని, ఇంకోదానిలో 125 అని, మరోదానిలో 140 అని ఉంటుంది. వాటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కో నింపే పద్ధతిని మనసులో పెట్టుకుని రాసింది. మూల పుస్తకం ముందుమాటలో పిండి ఎలా కొలవాలో చెప్పి ఉంటే ఆ పద్ధతికి తగిన అంకె తీసుకోవాలి. ఏమీ చెప్పకపోతే 120 తీసుకోవడం క్షేమం. పిండి కాస్త తక్కువైన కేకు కొంచెం మెత్తగా వస్తుంది, తినడానికి బాగానే ఉంటుంది. ఎక్కువైనది ఎండిపోతుంది. ఏది తీసుకున్నా పుస్తకమంతా అదే అంకె నడవాలి. ఒక వంటకంలో 120, మరుసటి పేజీలో 140 అయితే పాఠకుడికి ఏ కప్పునూ నమ్మే వీలుండదు.

ఇక విశేషణాల సంగతి. బ్రౌన్ షుగర్ తడిగా, ఇసుకలా ఉంటుంది. వేళ్లతో అదిమి నింపితే కప్పుకు 213 నుంచి 220 గ్రాములు పడుతుంది. వదులుగా పోస్తే 150 గ్రాముల చుట్టూ ఆగిపోతుంది. ‘అదిమి’ అన్న ఒక్క మాట అనువాదంలో జారిపోతే, పంచదారలో మూడో వంతు జారిపోయినట్టే. గ్రాముల్లోకి మార్చేటప్పుడు ఆ మాట తన పని పూర్తి చేసుకుని అంకెలో కలిసిపోతుంది. 160 గ్రాములు అని రాశాక ‘అదిమి’ అని మళ్లీ రాయనక్కర్లేదు.

కొన్నిచోట్ల మాట కన్నా దాని స్థానం ముఖ్యం. ఇంగ్లీషు వంట పుస్తకాల్లో కప్పు వాల్‌నట్లు అని రాసి, కామా పెట్టి, తరిగినవి అని రాస్తే ముందు కొలిచి తర్వాత తరగాలని. తరిగిన వాల్‌నట్లు కప్పు అని రాస్తే ముందు తరిగి తర్వాత కొలవాలని. తరిగిన ముక్కలు దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి రెండో కప్పులో ఎక్కువ పడతాయి. జల్లించిన పిండికీ ఇదే వరస. జల్లించాక కొలిస్తే కప్పు 115 గ్రాముల దాకా ఉంటుంది, కొలిచాక జల్లిస్తే 120 దాటుతుంది. తెలుగులో విశేషణం ఎప్పుడూ నామవాచకానికి ముందే కూర్చుంటుంది. అందువల్ల చూసుకోకుండా రాస్తే రెండూ ‘జల్లించిన మైదా కప్పు’ అయిపోతాయి. కామా మోసిన అర్థాన్ని తెలుగులో క్రియతోనే చెప్పాలి: ‘మైదా 120 గ్రాములు, తూచాక జల్లించాలి’.

పదార్థాల పేర్లలో కొన్ని తెలుగు మాటను చూసి చెయ్యి ఆగకుండా రాసేసేలా చేస్తాయి. బటర్‌మిల్క్ అలాంటిది. నిఘంటువులో మజ్జిగ అనే ఉంటుంది. అమెరికా దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది చిక్కగా, పుల్లగా, గరిటెకు అంటుకునేలా ఉంటుంది. పాలను తోడు పెట్టినట్టు పులియబెట్టి చేస్తారు. తెలుగింట మజ్జిగ అంటే అన్నం చివర పోసుకునేది, నీళ్లు బాగా కలిపినది. అది పోస్తే పిండి పలచబడటమే కాదు, పులుపు కూడా చాలదు. వంటసోడా పొంగాలంటే దానికి పులుపు తగలాలి. ‘పుల్ల పెరుగులో కొద్దిగా నీళ్లు పోసి చిలికిన చిక్కటి మజ్జిగ’ అని రాస్తే, మాట కాస్త పొడుగైనా గిన్నెలో పడేది సరైనదవుతుంది.

బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ రెండింటినీ వంటసోడా అనేయడం ఇంకో అలవాటు. సోడా ఒక్కటే వంటసోడా. పౌడర్‌లో సోడాతో పాటు పొడి రూపంలో పులుపు, కొంత గంజి పొడి కూడా కలిపి ఉంటాయి. చెంచాకు చెంచా చూస్తే సోడా బలం పౌడర్ కన్నా మూడు రెట్ల చుట్టూ ఉంటుంది. పౌడర్ అన్నచోట వంటసోడా వేస్తే కేకు ముదురు రంగుకు తిరిగి, నాలుక మీద సబ్బు చేదు తగులుతుంది. బేకింగ్ పౌడర్‌కు తెలుగు మాట కల్పించకుండా ఆ పేరే ఉంచాలి.

బ్రౌన్ షుగర్‌ను బెల్లం అనడం కూడా అనువాదం కాదు, మార్పు. పంచదారకు చెరకు మడ్డి కలిపినది బ్రౌన్ షుగర్. బెల్లం రుచి, తడి వేరు. బెల్లం తురుముతోనూ బనానా బ్రెడ్ చక్కగా వస్తుంది. ఆ మాట పట్టీలో కాకుండా కింద సూచనగా చెప్పాలి. మూల రచయిత చెప్పిందేదో, అనువాదకుడు చేర్చిందేదో పాఠకుడికి విడిగా తెలియాలి. ఉప్పు లేని వెన్న విషయంలోనూ సూచన అవసరం. తెలుగు ఊళ్లలో సులువుగా దొరికేది ఉప్పు వేసిన వెన్నే. అది వాడితే పట్టీలోని అర టీస్పూను ఉప్పు మానేయమని చెప్పాలి.

స్టిక్ అంటే అమెరికాలో వెన్న అమ్మే పొడుగాటి కడ్డీ. నాలుగు కడ్డీలు కలిస్తే ఒక పౌండు. ఒక్కొక్కటి 113 గ్రాములు, అంటే సరిగ్గా అర కప్పు. కడ్డీ అన్న మాట తెలుగు పాఠకుడికి ఏ కొలతా చెప్పదు కాబట్టి దాన్ని వదిలేసి నేరుగా గ్రాములు రాయాలి. గుడ్డు సంగతి కూడా అంతే. అమెరికా లార్జ్ గుడ్డు పెంకు తీశాక 50 గ్రాముల దగ్గర తూగుతుంది. అంగడిలో దొరికే గుడ్లు అంతకన్నా చిన్నవైతే రెండు గుడ్లు చాలవు. ‘గుడ్లు 2, పెంకు తీశాక 100 గ్రాములు’ అని రాస్తే ఇబ్బంది తీరుతుంది. అరటిపండులో ఈ తేడా మరీ ఎక్కువ. అమెరికా అంగట్లోని పొడుగాటి పండు తొక్క తీశాక 115 నుంచి 120 గ్రాములు ఉంటుంది. కర్పూర అరటిపండ్లు అలాంటివి మూడు వేస్తే సగం గుజ్జు కూడా రాదు. అందుకే పండ్ల లెక్క పక్కన పెట్టి గుజ్జు 340 గ్రాములు అని చెప్పడమే మేలు. ఏ పండైనా తూకం తేలేదాకా మెదుపుకుంటూ పోవచ్చు.

చెంచాల దగ్గర దారి మార్చాలి. ఇక్కడ గ్రాముల కన్నా మిల్లీలీటర్లే నమ్మకం. టీస్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 15. టీస్పూను వంటసోడా ఇంచుమించు 5 గ్రాములు. ఇళ్లలో ఉండే వంటింటి త్రాసులు ఒక్కో గ్రాము చొప్పున చూపిస్తాయి కాబట్టి 4.6 వేసినా, 5.4 వేసినా 5 అనే చూపిస్తాయి. 210 గ్రాముల మైదాలో ఒక గ్రాము లెక్కలోకి రాదు. 5 గ్రాముల సోడాలో ఒక గ్రాము అంటే అయిదో వంతు. గీసిన 5 మిల్లీలీటర్ల చెంచా ఆ త్రాసు కన్నా సరిగ్గా కొలుస్తుంది. సోడా, ఉప్పు, వెనిల్లా చెంచాల్లోనే ఉంచి, పక్కన మిల్లీలీటర్లు రాస్తే చాలు. ఉప్పులో ఇంకో మెలిక ఉంది. అమెరికా పుస్తకాల్లో కోషర్ సాల్ట్ అని ఉంటే అది పెద్ద పలుకుల ఉప్పు. రకాన్ని బట్టి టీస్పూనుకు 3 నుంచి 5 గ్రాములే పడుతుంది. మెత్తని ఉప్పు టీస్పూను 6 గ్రాములు. కోషర్ అన్నచోట మెత్తని ఉప్పును చెంచాకు చెంచా వేస్తే ఉప్పు కషాయమే. అక్కడ మాత్రం గ్రాములు చూసుకుని చెంచా తగ్గించాలి.

టీస్పూను, టేబుల్ స్పూను తెలుగులో రాసేటప్పుడు ఒక ముప్పు పొంచి ఉంటుంది. చోటు కలిసొస్తుందని టీ.స్పూ., టే.స్పూ. అని కుదిస్తారు. రెండింటికీ తేడా ఒక్క గుడి దీర్ఘానికీ ఏత్వానికీ మధ్య ఉంది. అచ్చులో ఆ గుర్తు కాస్త పలచబడినా, చదివేవారి కళ్లద్దాలు వంటింట్లో లేకపోయినా సోడా మూడు రెట్లు పడుతుంది. చిన్న చెంచా, పెద్ద చెంచా అని రాసి, మొదటిసారి వచ్చినచోట 5 మి.లీ., 15 మి.లీ. అని చెప్పేస్తే ఈ భయం ఉండదు. ఇంట్లో కాఫీ కలిపే చెంచా, అన్నం తినే చెంచా కొలతలు కంపెనీకో రకం కాబట్టి, కొలత చెంచాల సెట్టు వాడమని అక్కడే చెప్పాలి.

భిన్నాల విషయంలో తెలుగు చాలా సంపన్నమైన భాష. పావు, అర, ముప్పావు, ఒకటింబావు, ఒకటిన్నర, రెండు ముప్పావు అని నోటికి హాయిగా వచ్చేస్తాయి. ఈ హాయిలోనే ఒక చిక్కుంది. పావు అనగానే తెలుగు చెవికి ముందు వినిపించేది పావు కిలో. ‘పావు వెన్న’ అంటే 250 గ్రాములు, ‘పావు కప్పు వెన్న’ అంటే 57 గ్రాములు. పక్కన ప్రమాణం రాయకుండా పావు అన్న మాట పట్టీలో ఒంటరిగా ఉండకూడదు. మూడో వంతుకు, మూడింట రెండు వంతులకు ఇంత తేలిక మాటలు నిత్య వాడుకలో లేవు. అమెరికా వంటకాల్లో ఆ రెండూ తరచూ వస్తాయి. తొందరలో మూడో వంతు కాస్తా పావు అయిపోతుంది, మూడింట రెండు వంతులు ముప్పావు అయిపోతుంది. గ్రాముల్లోకి మార్చడం వల్ల ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. పాలు మూడో వంతు కప్పు అంటే 80 మిల్లీలీటర్లు, మూడింట రెండు వంతులు అంటే 160. ఇంక పొరపడటానికి మాటే లేదు.

ఇవన్నీ చూసుకున్నాక లెక్క సులువే. మైదా 120ని ఒకటి ముప్పావుతో గుణిస్తే 210. బ్రౌన్ షుగర్ 213లో ముప్పావు 160. వెన్న 113ను త్రాసు మీద చూసుకోవడానికి వీలుగా 115 చేయవచ్చు. అరటి గుజ్జు కప్పుకు 225 చొప్పున ఒకటిన్నర కప్పుకు 338, కాబట్టి 340. మజ్జిగ పావు కప్పు 59 మిల్లీలీటర్లు, 60 అనుకోవచ్చు. తరిగిన వాల్‌నట్లు అర కప్పు 55 నుంచి 60 గ్రాములు. పెద్ద మొత్తాలను ఇలా దగ్గరి అయిదుకో పదికో సరిపెట్టడంలో తప్పు లేదు. 337.5 అని రాస్తే వంట చేసేవారిని భయపెట్టడమే అవుతుంది. అయితే సరిపెట్టేది లెక్క చివర ఒక్కసారే. ముందు కప్పును 237 నుంచి 250కి సరిపెట్టి, ఆపైన గుణించి, మళ్లీ సరిపెడితే తేడాలన్నీ ఒకవైపే పోగుపడతాయి.

అప్పుడు తెలుగు పట్టీ ఇలా వస్తుంది:

మైదా: 210 గ్రాములు
వంటసోడా: 1 చిన్న చెంచా (5 మి.లీ.), అంచు సమంగా
మెత్తని ఉప్పు: అర చిన్న చెంచా (2.5 మి.లీ.)
ఉప్పు లేని వెన్న: 115 గ్రాములు, కరిగించి చల్లార్చాలి
బ్రౌన్ షుగర్: 160 గ్రాములు
గుడ్లు: 2, పెంకు తీశాక 100 గ్రాములు
బాగా మగ్గిన అరటిపండ్ల గుజ్జు: 340 గ్రాములు
చిక్కటి పుల్ల మజ్జిగ: 60 మి.లీ.
వెనిల్లా ఎసెన్స్: 1 చిన్న చెంచా (5 మి.లీ.)
వాల్‌నట్ ముక్కలు: 60 గ్రాములు

ఈ పట్టీని త్రాసు మీద ఒకే గిన్నె పెట్టి కొలిచేయవచ్చు. గుజ్జు తూచాక మీట నొక్కి అంకెను సున్నాకు తెచ్చి, వెన్న పోసి, మళ్లీ సున్నాకు తెచ్చి పంచదార వేసుకుంటూ పోవచ్చు. కప్పులు కడిగే పని కూడా తప్పుతుంది.

పద్ధతి రాసేటప్పుడు లెక్కలు ఉండవు గానీ, కొలతను కాపాడేది అక్కడి క్రియలే. తడి పదార్థాల్లో పిండిని ‘ఫోల్డ్’ చేయమంటారు. కలపాలి అని మాత్రమే రాస్తే తెలుగు చెయ్యి అట్ల పిండి కలిపినట్టు గిరగిరా తిప్పేస్తుంది. మైదా సాగి కేకు రబ్బరులా తయారవుతుంది. గరిటెను గిన్నె అడుగుదాకా దించి, కింది పిండిని పైకి తెచ్చి వాలుస్తూ, పొడి పిండి కనిపించడం మానగానే ఆపేయాలని వివరంగా రాయాలి. చిన్న ఉండలు మిగిలినా పరవాలేదనే మాట కూడా చేర్చాలి. లేకపోతే ఉండలు కరిగేదాకా కలుపుతారు. వేయించు అన్న మాట కూడా చూసి వాడాలి. వాల్‌నట్లను నూనె లేకుండా వేయించడం, నూనెలో వేయించడం రెండూ తెలుగులో ఒకే క్రియ కాబట్టి ‘ఉత్తి మూకుడులో’ అని ముందు చేర్చాలి.

వేడికి లెక్క ఉంది. ఫారన్‌హీట్ అంకెలోంచి 32 తీసేసి, మిగిలినదాన్ని 5తో గుణించి 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. 350కి 176.7 వస్తుంది. ఓవెన్ మీటలకు వీలుగా 175 అనో 180 అనో రాస్తారు. లోపల ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే మరో 20 డిగ్రీలు తగ్గించమనాలి. పాన్‌ను సెంటీమీటర్లలో 23, 13 అని రాయవచ్చు. తెలుగు ఇళ్లలో ఆ కొలత పాన్ అరుదు కాబట్టి, అది రెండు లీటర్లకు కాస్త తక్కువ పడుతుందని కూడా చెప్పడం మంచిది. ఇంట్లో ఉన్న గిన్నెలో నీళ్లు పోసి చూసుకుని సరైనదాన్ని ఎంచుకుంటారు.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో పొయ్యి వెలిగించకముందే ఒకసారి చూసుకునే మార్గం ఉంది. పట్టీలోని బరువులన్నీ కలిపితే వెయ్యి గ్రాములు దాటి కొంచెం వస్తాయి. ఇంచుమించు లీటరు పిండి. రెండు లీటర్ల పాన్‌లో సగానికి కాస్త పైకి చేరి, పొంగడానికి చోటు మిగులుతుంది. మొత్తం 700 గ్రాములే వచ్చినా, 1400 దాటినా ఎక్కడో ఒక కప్పు తప్పింది. పిండి తీరు ఇంకో సాక్ష్యం. గరిటెతో పైకెత్తి వంచితే ఇడ్లీ పిండి కన్నా కాస్త చిక్కగా, ముద్దముద్దగా జారాలి. ధారగా కారితే మజ్జిగ పలచనైంది, గరిటెకే అంటుకుని ఊగకుండా ఉంటే మైదా ఎక్కువైంది.

కాల్చడం పూర్తయిందని చెప్పే గుర్తును కూడా అనువదించాలి. 55 నిమిషాలన్నది అక్కడి పాన్‌కు, అక్కడి ఓవెన్‌కు సరిపోయిన లెక్క. సన్న పుల్లను కేకు నడిమధ్య గుచ్చి తీస్తే తడి పిండి అంటకుండా, ఒకటి రెండు పొడి రవ్వలతో రావాలి. అరటి గుజ్జు అంటితే దాన్ని పచ్చి పిండి అనుకోకుండా పక్కన ఇంకోచోట మళ్లీ గుచ్చి చూడాలి. వెడల్పు గిన్నెలో పోస్తే పిండి పలచగా పరుచుకుంటుంది కాబట్టి 35 నిమిషాల నుంచే చూస్తూ ఉండమని, పైభాగం త్వరగా నల్లబడుతుంటే రేకు కాగితం కప్పమని రాయాలి.